ఆర్‌ఎస్‌ఐ 70 దాటి వారాలైనా ధర పడట్లేదు, ఓవర్‌బాట్ అంటే అసలు అర్థం ఏంటి?

లావణ్య_చార్ట్స్

నేను గమనిస్తున్న ఒక షేర్ డైలీ చార్ట్‌లో ఆర్‌ఎస్‌ఐ 70 దాటి చాలా రోజులైంది. 82 దాకా వెళ్లింది, 68కి దిగింది, మళ్లీ 77కి చేరింది. ఈలోపు ధర మాత్రం పైకే పోతోంది. ఎంఏసీడీ కూడా మధ్యలో కిందికి క్రాస్ అయింది. అప్పుడు ధర కొద్ది రోజులు అక్కడక్కడే తిరిగింది, ఆ తర్వాత మళ్లీ కొత్త గరిష్ఠానికి పోయింది. నేను డబ్బు కట్టి చేరిన ఒక గ్రూప్‌లో ప్రతిసారీ "ఓవర్‌బాట్, అమ్మేయండి" అనే మెసేజ్ వస్తుంది. ధర పెరిగాక మాత్రం ఎవరూ మాట్లాడరు. కోపం వస్తోంది.

నాకు తెలియాల్సింది ఒకటే. ఇండికేటర్ పని చేయడం లేదా, సెట్టింగ్ సరిగ్గా లేదా, లేక 70 గీతకు అందరూ చెప్పే అర్థమే తప్పా?

కిట్టు_ఇంట్రాడే

సెట్టింగ్ మార్చండి. 14 తీసేసి 21 పెట్టండి, 70/30 బదులు 80/20 పెట్టండి. ట్రెండ్ ఉన్న షేర్లకు ఇదే వాడాలి. ఇంత చర్చ అక్కర్లేదు.

రమణమూర్తి_డిటి

నాది ఇదే బాధ, కాకపోతే తలకిందులుగా. ఆర్‌ఎస్‌ఐ 24కి వచ్చింది కదా, ఇక చవగ్గా ఉంది అని కొన్నాను. వారం తిరిగేసరికి ధర ఇంకా పడింది, ఆర్‌ఎస్‌ఐ మాత్రం 31కి పెరిగింది! ధర తగ్గుతుంటే ఆర్‌ఎస్‌ఐ ఎలా పెరుగుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. 24 అంటే చవక, 80 అంటే ఖరీదు అనే కదా చెప్తారు?

పాతకాపు

రమణమూర్తి గారూ, కాదండీ. ధర చవకో ఖరీదో ఆర్‌ఎస్‌ఐకి అసలు తెలియదు. దాని లెక్కలోకి ధర రానే రాదు, రోజుకు ఎంత మారిందన్నది ఒక్కటే వస్తుంది. ఇక్కడి నుంచి మొదలుపెడితే లావణ్య గారి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

గత కొన్ని రోజుల్లో ముగింపు ధర పైకి కదిలినదంతా ఒక పక్క కూడండి, కిందికి కదిలినదంతా ఇంకో పక్క కూడండి. రెండూ కలిపి 100 భాగాలు అనుకుంటే, అందులో పైకి కదిలినవి ఎన్ని భాగాలో అదే ఆర్‌ఎస్‌ఐ. చార్ట్ పుస్తకాల్లో కనబడే పెద్ద ఫార్ములాను సరళం చేస్తే మిగిలేది ఇంతే. 70 అంటే కదలికలో 70 పాళ్లు పైకి, 30 పాళ్లు కిందికి. 50 అంటే రెండూ సమానం. "ఇక చాలా ఎక్కువైంది, పడాలి" అనే మాట ఈ లెక్కలో ఎక్కడా లేదు. అది మనం తర్వాత అతికించుకున్నది.

ఇప్పుడు ఒక షేర్ 1000 దగ్గర ఉందనుకోండి. 14 రోజుల్లో 10 రోజులు పన్నెండేసి పాయింట్లు పెరిగింది, 4 రోజులు తొమ్మిదేసి తగ్గింది. పైకి 120, కిందికి 36. మొత్తం కదలిక 156, అందులో 120 అంటే దాదాపు 77. అంటే ఓవర్‌బాట్. షేర్ 1084లో ఉంది.

తర్వాతి 14 రోజులు కూడా అచ్చం ఇలాగే నడిస్తే ధర 1168, ఆర్‌ఎస్‌ఐ మళ్లీ 77 దగ్గరే. ఆ తర్వాతి 14 రోజులకు 1252, అప్పుడూ 77 దగ్గరే. మధ్యలో రోజుల వరుసను బట్టి కాస్త పైకీ కిందికీ ఊగుతుంది, అంతే. ట్రెండ్ ఇదే తీరుగా సాగినన్నాళ్లూ ఆర్‌ఎస్‌ఐ దిగాల్సిన కారణమే లేదు. ఇందులో విచిత్రమైన ర్యాలీ కూడా ఏమీ లేదు, నాలుగు రోజులు తగ్గుతూనే ఉంది కదా. మామూలు ఆరోగ్యమైన ట్రెండే 77 చూపిస్తుంది.

లావణ్య_చార్ట్స్

అంటే 70 దాటడం అనేది "పైకి వెళ్లే ట్రెండ్ ఉంది" అని చెప్పడమేనా? పడబోతోందనడానికి దానికీ సంబంధం లేదా?

పాతకాపు

ఒక షేర్ ధర చాలా రోజులుగా రెండు హద్దుల మధ్య కొట్టుకుంటుంటే, పై హద్దు దగ్గరకు వచ్చినప్పుడు ఆర్‌ఎస్‌ఐ కూడా 70 దగ్గరకు వస్తుంది, అక్కడి నుంచి తిరుగుతుంది కూడా. అలాంటి చోట 70 గీత పనికొస్తుంది. కానీ అక్కడ ధరను వెనక్కి తిప్పింది ఆ హద్దు. ఆర్‌ఎస్‌ఐ దాన్ని చూపించింది, అంతే. హద్దు తెగి ట్రెండ్ మొదలైన రోజు కూడా ఆర్‌ఎస్‌ఐ ముందు 70నే దాటుతుంది. రెంటిలో ఏది జరగబోతోందో 70 అనే అంకె చూసి చెప్పలేం.

కిట్టూ, నీ 21 సంగతి. పైన చెప్పిన షేర్‌కు 14 బదులు 21 పెట్టి చూడు. పైకీ కిందికీ ఉన్న నిష్పత్తి మారలేదు కాబట్టి అప్పుడూ 77 చుట్టూనే ఉంటుంది, ఊగడం మాత్రం తగ్గుతుంది. 80 గీత పెట్టావు కాబట్టి ఈ షేర్‌లో అమ్మమనే సిగ్నల్ రాదు, నిజమే. ఇంతకంటే గట్టి ట్రెండ్ వస్తే అదే ఆర్‌ఎస్‌ఐ 85 దగ్గర కూర్చుంటుంది, నీ గీత మళ్లీ దాటినట్టే. హద్దుల మధ్య తిరిగే షేర్‌లోనేమో 21 రోజుల ఆర్‌ఎస్‌ఐ 80కి రావడమే అరుదు. సమస్య పోలేదు, చోటు మారింది.

కిట్టు_ఇంట్రాడే

ఒప్పుకోను. తప్పుడు సిగ్నళ్లు తగ్గాయా లేదా? తగ్గాయి. నాకు అది చాలు.

అయినా 70/30 చూసి ట్రేడ్ తీసుకోవడం కొత్తవాళ్లు చేసే పని. నిజంగా చూడాల్సింది డైవర్జెన్స్. ధర కొత్త గరిష్ఠానికి పోయి, ఆర్‌ఎస్‌ఐ పాత గరిష్ఠం కంటే కిందే ఆగిపోతే లోపల బలం అయిపోయినట్టు. అది మోసం చేయదు.

సురేష్_కొత్తబ్యాచ్

నేనూ డైవర్జెన్సే చూస్తాను. ఆర్‌ఎస్‌ఐలో డైవర్జెన్స్ వచ్చి, అదే సమయంలో ఎంఏసీడీ కూడా కిందికి క్రాస్ అయితే డబుల్ కన్ఫర్మేషన్ అని క్లాసులో చెప్పారు. రెండు ఇండికేటర్లు ఒకే మాట చెప్తే ఇంకేం కావాలి?

ఎక్సెల్_ప్రియ

డైవర్జెన్స్ మోసం చేయదు అన్న మాట దగ్గర ఆగి, పాతకాపు గారి షేర్‌నే షీట్‌లో వేసి చూశాను. ఓపిగ్గా చదవండి, ఫలితం చూసి నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను.

చార్ట్ సాఫ్ట్‌వేర్ వాడే లెక్క ఇది. AG అంటే సగటు పెరుగుదల, AL అంటే సగటు తగ్గుదల. ప్రతిరోజూ పాత సగటును 13తో గుణించి, ఇవాళ్టి మార్పు కలిపి, 14తో భాగిస్తుంది. పెరిగిన రోజు loss సున్నా, తగ్గిన రోజు gain సున్నా.

```
AG  = (AG*13 + gain) / 14
AL  = (AL*13 + loss) / 14
RSI = 100 * AG / (AG + AL)
```

మొదట్లో AG 8.57, AL 2.57, ఆర్‌ఎస్‌ఐ 77. ఇప్పుడు ఒక్క రోజు 40 పాయింట్లు పడిందనుకుందాం. ఏదో వార్త, లాభాల స్వీకరణ, కారణం ఏదైనా కావచ్చు. గత 14 రోజుల్లో పెరిగిన 84లో అది సగం కూడా కాదు. ఆర్‌ఎస్‌ఐ ఆ ఒక్కరోజే 60కి వచ్చేసింది.

మర్నాటి నుంచి షేర్ మళ్లీ రోజుకు పన్నెండేసి పాయింట్లు పెరిగింది, ఒక్క రోజు కూడా తగ్గకుండా. ఆర్‌ఎస్‌ఐ వరుసగా 62.9, 65.3, 67.6, 69.8. నాలుగో రోజుకు పెరిగింది 48, పడింది 40. అంటే ధర పాత గరిష్ఠాన్ని దాటి 8 పాయింట్లు పైన ఉంది. ఆర్‌ఎస్‌ఐ మాత్రం 77కు బదులు 69.8.

కిట్టు గారూ, ఇది చార్ట్‌లో అచ్చమైన బేరిష్ డైవర్జెన్స్‌లా కనిపిస్తుంది. నిజానికి షేర్ పడకముందు కంటే ఇప్పుడే వేగంగా పెరుగుతోంది. అప్పుడు 14 రోజుల్లో నాలుగు రోజులు తగ్గేది, ఇప్పుడు ఒక్క రోజూ తగ్గలేదు. "లోపల బలం అయిపోయింది" అనే మాటకు ఇక్కడ చోటెక్కడ? ఆ పతనం తాలూకు బరువు AL నుంచి ఇంకా పోలేదు, అంతే. రోజుకు పద్నాలుగో వంతు చొప్పున కరుగుతుంది కాబట్టి 14 రోజుల తర్వాత కూడా దానిలో 35 శాతం మిగిలే ఉంటుంది.

కిట్టు_ఇంట్రాడే

ఇది మీరు తయారుచేసిన లెక్క. నిజమైన మార్కెట్లో నేను పెద్ద గరిష్ఠాలు చూశాను, ప్రతిదాని దగ్గరా డైవర్జెన్స్ ఉంది. వెనక్కి వెళ్లి ఏ చార్ట్ అయినా చూడండి.

నిదానం

ప్రతి గరిష్ఠం దగ్గరా డైవర్జెన్స్ ఉండొచ్చు. డైవర్జెన్స్ వచ్చిన ప్రతిచోటా గరిష్ఠం ఉందా? ఆ లెక్క వేరు. మీరు గరిష్ఠాలను ఎంచుకుని వెనక్కి చూస్తున్నారు. ట్రేడ్ పెట్టేటప్పుడు మీ ముందున్నది డైవర్జెన్స్ మాత్రమే, గరిష్ఠం కాదు. డైవర్జెన్స్‌లన్నీ ఒక పక్క రాసి, వాటిలో ఎన్నింటి తర్వాత నిజంగా పడిందో గుర్తుపెట్టి చూడండి.

పాతకాపు

నిదానం చెప్పింది చాలా ముఖ్యం. దీర్ఘంగా నడిచే ట్రెండ్‌లో ఒకదాని తర్వాత ఒకటిగా డైవర్జెన్స్‌లు వస్తూనే ఉంటాయి. ఆఖరిదే అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే దాని తర్వాత ధర పడింది కాబట్టి. మధ్యలో వచ్చినవాటిని ధర దాటేసి పోయింది, అవి చార్ట్‌లో కంటికి ఆనవు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆర్‌ఎస్‌ఐకి 100 అనే పైకప్పు ఉంది, ధరకు లేదు. ట్రెండ్ మొదలైనప్పుడు వచ్చే తొలి ఊపులో తగ్గిన రోజులు దాదాపు ఉండవు, అప్పుడే ఆర్‌ఎస్‌ఐ 85, 88 చూసేస్తుంది. తర్వాత మామూలు ఎత్తుపల్లాలతో నడిస్తే 75. ధర ఎంత పైకి వెళ్లినా ఆ 88ని మళ్లీ చేరడం కష్టం. కాబట్టి బలమైన ట్రెండ్‌లో డైవర్జెన్స్ రావడం విశేషం కాదు, రాకపోవడమే విశేషం.

రమణమూర్తి గారూ, మీ ధర పడుతుంటే ఆర్‌ఎస్‌ఐ 24 నుంచి 31కి పెరగడం దీనికి అద్దం బొమ్మ. మొదటి పతనం నిట్టనిలువుగా ఉంది, తర్వాతిది మధ్యమధ్యలో చిన్న పెరుగుదలలతో నిదానంగా సాగింది. పైకి కదిలిన పాళ్లు కాస్త పెరిగాయి. ధర దిగడం మాత్రం ఆగలేదు.

రమణమూర్తి_డిటి

ఇప్పుడు అర్థమైంది. అయితే నేను 31ని చూసి "తిరుగుతోంది" అనుకుని ఇంకొన్ని కొనడానికి ఆధారం లేదన్నమాట. ఇంతకాలం నాకెవరూ ఇలా విడదీసి చెప్పలేదు. ఎంఏసీడీ సంగతి కూడా చెప్పండి, అది నా స్క్రీన్ మీద ఎప్పుడూ ఉంటుంది కానీ ఏం కొలుస్తుందో తెలియదు.

సురేష్_కొత్తబ్యాచ్

అవును, నా ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు. రెండూ కలిసి చెప్తే?

పాతకాపు

రెండిటికీ పోసే సరుకు ఒకటే సురేష్, ముగింపు ధర. వాల్యూమ్ లేదు, కొనుగోలుదారుల సంఖ్య లేదు, ఇంకేమీ లేదు. ఒకే ధరల వరుసను రెండు రకాలుగా మెత్తబరిచి చూపిస్తే రెండూ ఒకేసారి తిరగడం సహజం. దాన్ని రెండు వేర్వేరు ఆధారాలుగా లెక్కపెట్టకూడదు.

ఎంఏసీడీని 1970ల చివర్లో జెరాల్డ్ అపెల్ తెచ్చారు. ఆర్‌ఎస్‌ఐ కూడా ఆ కాలానిదే, వెల్స్ వైల్డర్ 1978లో ప్రచురించారు. ఎంఏసీడీలో ఉన్నది 12 రోజుల ఎక్స్‌పొనెన్షియల్ సగటు లోంచి 26 రోజుల సగటును తీసివేయడం. ఆ తేడాకు మళ్లీ 9 రోజుల సగటు తీస్తే సిగ్నల్ లైన్. ఎంఏసీడీలోంచి సిగ్నల్ తీసేస్తే వచ్చే నిలువు కడ్డీలే హిస్టోగ్రామ్. దాన్ని 1986లో థామస్ ఆస్ప్రే చేర్చారు.

ఇప్పుడు అసలు విషయం. ధర రోజూ ఒకే లెక్కన పెరుగుతుంటే 12 రోజుల సగటు ధరకు ఐదున్నర రోజులు వెనక నడుస్తుంది, 26 రోజులది పన్నెండున్నర రోజులు వెనక. రెండింటి మధ్య దూరం ఏడు రోజులు. కాబట్టి రోజుకు 6 పాయింట్లు పెరిగే షేర్‌లో ఎంఏసీడీ కొంతకాలానికి ఆరేడుల 42 దగ్గరకు వచ్చి ఆగిపోతుంది. ధర 1000 నుంచి 1500కు పోయినా, ఆ తర్వాత 2000కు పోయినా అదే 42. సిగ్నల్ లైన్ కూడా వచ్చి 42 దగ్గర కలుస్తుంది. హిస్టోగ్రామ్ సున్నా!

ట్రెండ్ అద్భుతంగా నడుస్తున్నప్పుడే ఎంఏసీడీ చదునుగా, హిస్టోగ్రామ్ ఖాళీగా కనబడుతుందంటే కారణం ఇదే. ఎంఏసీడీ చూపించేది ఎంత దూరం వచ్చామని కాదు, ఏ వేగంతో వెళ్తున్నామని. హిస్టోగ్రామ్ ఆ వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని చూపిస్తుంది.

ఎక్సెల్_ప్రియ

ఆరేడుల 42! ఇది నాకు కొత్త. ఉండండి, వేగం తగ్గిస్తే ఏమవుతుందో చూసి వస్తాను.

లావణ్య_చార్ట్స్

అంటే నా షేర్‌లో ఎంఏసీడీ కిందికి క్రాస్ అయిందంటే ధర తిరిగిందని కాదు, పెరిగే వేగం కాస్త తగ్గిందని, అంతేనా?

పాతకాపు

అవునండీ. క్రాసోవర్‌కు వేగం కొంచెం తగ్గితే చాలు, ధర పడనక్కర్లేదు. కొద్ది రోజులు అక్కడక్కడే తిరిగింది అన్నారు కదా, ఆ విశ్రాంతి చాలు ఎంఏసీడీ సిగ్నల్ కిందికి దిగడానికి.

ఎక్సెల్_ప్రియ

చూశాను. రోజుకు 6 చొప్పున చాలాకాలం పెరిగిన షేర్, ఇవాళ్టి నుంచి రోజుకు 4 చొప్పున పెరుగుతుంది. ఒక్క రోజు కూడా పడదు. మొదటి రోజే ఎంఏసీడీ సిగ్నల్ కిందికి వచ్చేసింది. పది రోజులకు ఎంఏసీడీ 42 నుంచి 37.5కు దిగింది, ధర 40 పాయింట్లు పైన ఉంది. ఇరవై రోజులకు 33, ధర 80 పాయింట్లు పైన. చివరికి 28 దగ్గరకు చేరుతుంది, అంటే నాలుగేడులు. అంతసేపూ హిస్టోగ్రామ్ ఎర్రగానే ఉంది, ఎంఏసీడీ సిగ్నల్ కిందే ఉంది.

అమ్మినవాళ్ల సంగతి ఆలోచించండి. వేగం మళ్లీ రోజుకు 6 అయిన నాడు ఎంఏసీడీ పైకి క్రాస్ అవుతుంది, అప్పుడు కొనమంటుంది. అమ్మిన ధర కంటే ఎంతో పైన మళ్లీ కొనాలి.

నిజం షేర్‌లో ఇంత నున్నగా ఉండదు, రోజువారీ ఊపులకు ఇంకా ఎక్కువ క్రాసోవర్లు వస్తాయి.

కిట్టు_ఇంట్రాడే

సరే, ఈ లెక్క బాగుంది. కానీ వేగం తగ్గడం కూడా సమాచారమే కదా? ఏ గరిష్ఠమైనా ముందు వేగం తగ్గకుండా ఎలా వస్తుంది? నేను అప్పుడు సగం అమ్మేస్తాను, మిగతా సగం ఉంచుతాను. ఇందులో తప్పేం లేదు.

పాతకాపు

సగం అమ్మడంలో తప్పు లేదు కిట్టూ, అది నీ రిస్క్ లెక్క. వేగం తగ్గడం సమాచారమే అన్నదీ నిజమే. నేను వద్దనేది ఒక్కటే, దాన్ని చూసి షార్ట్ చేయడం. పెరుగుదల నిదానించడానికీ తగ్గుదల మొదలవడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఆ దూరంలోనే షార్ట్ చేసినవాళ్ల స్టాప్‌లాస్‌లన్నీ కొట్టుకుపోతాయి. వాళ్లు కవర్ చేయడానికి కొనే కొనుగోళ్లు ధరను ఇంకా పైకి నెట్టడమూ ఉంది.

నిదానం

నేను ఇంకో అడుగు ముందుకేసి చెప్తున్నా. రెండూ తీసేయండి. పైకి వెళ్లే ట్రెండ్‌లో ప్రతి పల్లం ముందటి పల్లం కంటే పైన ఉంటుంది. ఆఖరి పల్లం కింద ముగిస్తే బయటకు రండి. ప్రియ గారి ఉదాహరణలో 40 పాయింట్లు పడిన రోజు ముగింపే ఆఖరి పల్లం. ధర దాని కిందికి పోలేదు, కాబట్టి అమ్మే పని లేదు. ఆర్‌ఎస్‌ఐ 60 అయితే ఏంటి, 69.8 అయితే ఏంటి?

కిట్టు_ఇంట్రాడే

అలా చేస్తే ప్రతిసారీ గరిష్ఠం నుంచి ఆ పల్లం దాకా వచ్చిన లాభం వదులుకోవాలి. పెద్ద పల్లం అయితే చాలా పోతుంది.

నిదానం

పోతుంది. ట్రెండ్‌లో ఉండటానికి కట్టే ఖరీదు అది. మీరు కట్టే ఖరీదు మధ్యలో దిగిపోవడం. ఎవరికి ఏది తక్కువ అనిపిస్తే అది.

సురేష్_కొత్తబ్యాచ్

బలమైన ట్రెండ్ ఉందో లేదో ముందే తెలిస్తే ఈ గొడవ ఉండదు కదా. ఏడీఎక్స్ 25 దాటితే ట్రెండ్ ఉన్నట్టు, అప్పుడు ఆర్‌ఎస్‌ఐ ఓవర్‌బాట్ పట్టించుకోవద్దు. 25 లోపు ఉంటే 70/30 వాడొచ్చు. ఇది పని చేయదా?

పాతకాపు

ఆలోచన సరైన దిశలోనే ఉంది. ఏడీఎక్స్ కూడా వైల్డర్‌దే, అదే 1978 నాటిది. ట్రెండ్ దిశ కాకుండా బలం కొలవడానికే చేశారు, కాబట్టి ధర గట్టిగా పడుతున్నప్పుడూ ఏడీఎక్స్ పెరుగుతుంది. అది గుర్తుంచుకో. ఇబ్బంది ఏంటంటే దాన్ని రెండుసార్లు మెత్తబరుస్తారు. అందుకే ఆలస్యంగా కదులుతుంది. హద్దు తెగిన మొదటి రోజుల్లో ఏడీఎక్స్ ఇంకా 18, 20 దగ్గరే ఉంటుంది, ఆర్‌ఎస్‌ఐ అప్పటికే 75. నీ నియమం ప్రకారం అప్పుడు అమ్మాలి. ట్రెండ్‌లో అన్నిటికంటే మంచి భాగం అక్కడే పోతుంది.

నేను ట్రెండ్‌లో ఆర్‌ఎస్‌ఐని పైన చూడను, కింద చూస్తాను. పైకి వెళ్లే ట్రెండ్‌లో ధర వెనక్కి తగ్గినప్పుడు ఆర్‌ఎస్‌ఐ సాధారణంగా 40, 50 మధ్య ఆగి తిరుగుతుంది. 30 దాకా రాదు. పడే ట్రెండ్‌లో పెరుగుదల 50, 60 మధ్య ఆగుతుంది. చాలాకాలం 40 పైనే ఉన్న షేర్ ఒకరోజు 35కి వస్తే నేను మేలుకుంటాను. 78 చూసి మాత్రం ఏమీ చేయను.

లావణ్య_చార్ట్స్

నా చార్ట్‌లో వెనక్కి వెళ్లి చూశాను. ఈ ర్యాలీ మొదలైన దగ్గర్నుంచి ఆర్‌ఎస్‌ఐ కనిష్ఠం 47. పైన ఎన్నిసార్లు 70 దాటిందో చూసి భయపడ్డాను కానీ కింద ఎక్కడ ఆగుతోందో ఎప్పుడూ చూడలేదు.

ఎక్సెల్_ప్రియ

పాతకాపు గారూ, మీ 40 నియమాన్ని కూడా పరీక్షించాలనిపించింది. అదే షేర్, అదే 40 పాయింట్ల పతనం, ఆర్‌ఎస్‌ఐ 60. ఈసారి తర్వాత పెరగలేదు. ఒకరోజు 5 పైకి, మర్నాడు 5 కిందికి, అలా అక్కడే తిరిగింది. 14 రోజుల తర్వాత కూడా ఆర్‌ఎస్‌ఐ 55 దగ్గర ఉంది! ట్రెండ్ ఆగిపోయి దాదాపు మూడు వారాల ట్రేడింగ్ అయింది, ఆర్‌ఎస్‌ఐ ఇంకా 50 పైనే. 40 మాట అటుంచండి. పాత పెరుగుదల జ్ఞాపకం AGలో ఇంకా కరగలేదు. అంటే మీరు చూసే కింది హద్దు కూడా ట్రెండ్ బతికే ఉందని పొరపాటుగా చెప్తోంది కదా?

పాతకాపు

చెప్తోంది, నిజం. పతనం వేగంగా వస్తే 40 తెగడం త్వరగా కనిపిస్తుంది. ఇలా పక్కకు సాగి చచ్చిపోయే ట్రెండ్‌ను ఆర్‌ఎస్‌ఐ చూపించదు. అక్కడ నేను రోజులు చూస్తాను. ఇన్ని రోజులుగా కొత్త గరిష్ఠం లేదు అన్నది ధరలోనే కనిపిస్తుంది. ఎన్ని రోజులు ఆగాలి అన్నదానికి మాత్రం ఒక్క అంకె లేదు, షేర్‌ను బట్టి మారుతుంది.

నిదానం

చివరికి ధర దగ్గరికే వచ్చారు.

పాతకాపు

వచ్చాను. కానీ ఇండికేటర్ తీసేయమని నేను అనను. ఒకేసారి వంద షేర్లు వెతకాల్సినప్పుడు ఆర్‌ఎస్‌ఐ 70 పైన ఉన్నవాటి జాబితా తీస్తే బలమైన ట్రెండ్‌లు చాలావరకు అందులోనే దొరుకుతాయి. అందరూ అమ్మడానికి వాడే జాబితాను నేను కొనదగ్గవి వెతకడానికి వాడతాను.

రమణమూర్తి_డిటి

అయితే నా దగ్గరున్న పడిపోయిన షేర్‌లో ఆర్‌ఎస్‌ఐ 60 దాటేదాకా ఆగి అప్పుడు ఇంకొన్ని కొనాలా?

పాతకాపు

60 దాటితే పడే ట్రెండ్ తీరు మారిందని ఒక సూచన, అంతవరకే. ముందుగా కిందటి ఎత్తు కంటే పైన ముగుస్తుందా చూడండి. ఆ రెండూ జరగకముందు సగటు తగ్గించుకోవడానికి కొనకండి. కంపెనీ ఎందుకు పడుతోందో కూడా తెలుసుకోండి, ఆ సంగతి ఏ ఇండికేటరూ చెప్పదు.

కిట్టు_ఇంట్రాడే

ప్రియ గారూ, ఆ షీట్ ఇక్కడ పెట్టండి. నేను డైవర్జెన్స్ తీసుకునే ఐదు నిమిషాల చార్ట్ ధరలు వేసి చూస్తాను. డైలీలో మీరు చెప్పింది నిజం కావచ్చు, ఇంట్రాడేలో నా అనుభవం వేరు. అన్ని డైవర్జెన్స్‌లూ రాస్తాను, దాటేసినవి కూడా.

ఎక్సెల్_ప్రియ

రాత్రికి పెడతాను. మొదటి రెండు వందల క్యాండిల్స్ ఫలితం లెక్కలోకి తీసుకోకండి. మొదటి సగటు ఎక్కడ మొదలుపెట్టామన్నదాన్ని బట్టి ఆర్‌ఎస్‌ఐ మొదట్లో తేడాగా వస్తుంది. మీ స్క్రీన్ మీద అంకెతో సరిపోయాకే రాయడం మొదలుపెట్టండి.